పటం కింద గళ్ళ పట్టీ

“తుడిచెయ్యి పిన్నీ. తప్పు.”

ఆ మాట అన్నది తానేనని క్యాథరిన్ తర్వాత ఎన్నిసార్లు తలుచుకుందో లెక్క లేదు. అన్నప్పుడు మాత్రం ఆమె గొంతులో ఏ తడబాటూ లేదు. ఇరవై రెండేళ్ళు రాయగడలో ఒక బళ్ళో లెక్కలు చెప్పిన గొంతు అది. తప్పును తప్పనడం దానికి ఊపిరి తీసుకున్నంత తేలిక.

కోటేశ్వరమ్మ పలక మీద 3.4 అని ఉంది. ఆవిడకి యాభై ఎనిమిదేళ్ళు. అడ్డాకులు కుట్టి విస్తళ్ళు అమ్ముకుంటుంది. వెదురు పుల్లలు గుచ్చుకుని గుచ్చుకుని కాయలు కాసిన వేళ్ళతో మూడు నెలల క్రితమే బలపం పట్టింది. ఆవిడ పలకని చూసింది, టీచరమ్మని చూసింది, ఒళ్ళో ఉన్న దారం ముక్కని చూసింది.

“నా దారం అలాగే సెప్పింది టీచరమ్మా.”

“దారం చెప్పదు పిన్నీ, స్కేలు చెప్తుంది. ఇదిగో, స్కేలు మీద పెట్టు. రెండు పాయింటు నాలుగు. అందరికీ అంతే వచ్చింది.”

“నాను పటం కింద గళ్ళ పట్టీ మీద ఎట్టి సూసేను.”

“స్కేలుంటే పట్టీ ఎందుకు? ఒక సెంటీమీటరుకి ఒక కిలోమీటరని పటం మీదే రాసుంది కదా. చదివాం కదా.”

పాఠాల షెడ్డులో ఉన్న మిగతా పదిమందీ తలలు దించుకున్నారు. తమకి కాకుండా పక్కవాళ్ళకి పడుతున్న చీవాట్లని పెద్దవాళ్ళు అలాగే వింటారు. కోటేశ్వరమ్మ చీర చెంగు తడిచేసి పలక తుడిచింది. అంకెలు పోయాయి. వాటి తెల్లటి మసక మిగిలింది.

“నా కాళ్ళకి మాత్రం అది రెండున్నర కాదు,” అంది మెల్లగా, ఎవరితోనూ కాకుండా.

అది బుధవారం. శుక్రవారం పన్నెండు గంటలకి బ్లాకు ఆఫీసులో విచారణ.

మెట్టపేట, ఒడిశాలో రాయగడ నుంచి గుడారి పోయే బస్సు దారిలో నలభై గడపల తెలుగు పేట. దాని బడి గోడకి వారం క్రితం ఒక నోటీసు అంటించారు. ఆరు, ఏడు, ఎనిమిది తరగతులు ఎత్తేసి బడసాహి బడిలో కలుపుతున్నారట. బడసాహి రెండు పాయింటు ఒక కిలోమీటరట. మూడు కిలోమీటర్ల లోపే కాబట్టి పిల్లలకి ఇబ్బంది లేదట, పైగా బస్సు సౌకర్యం కూడా ఉందట. నోటీసు కింద ఒక కాగితం మీద పటం జిరాక్సు.

కోటేశ్వరమ్మ మనవరాలు విజయదుర్గ ఐదు పూర్తి చేసింది. ఆ పిల్ల తల్లి కూడా ఐదు పూర్తి చేసింది, అక్కడే ఆగింది. అప్పట్లో మెట్టపేట బడి ఐదు దాకానే. ఆరు చదవాలంటే జీడితోట దాటి, వాగు దాటి బడసాహి నడవాలి. నలుగురు ఆడపిల్లలు మొదలుపెట్టారు. వానాకాలం వచ్చేసరికి ఒక్కరూ మిగల్లేదు. ఆ సంగతి చెప్పేటప్పుడు కోటేశ్వరమ్మ ఏడవలేదు. ఆకులు కుడుతూ, “మా అమ్మి కాళ్ళు కడుక్కుని సంచీ సూరుకి తగిలించీసింది. మల్ల దించనేదు,” అని మాత్రం అంది. మనవరాలి సంచీ కూడా ఆ చూరు కిందే ఉంది.

అందుకే ఈ నోటీసు పాఠంలోకి వచ్చింది. అసలు క్యాథరిన్ పాఠాలన్నీ అలాగే వచ్చేవి. బళ్ళో ఉద్యోగం మానేశాక, తల్లి మార్తమ్మ పోయాక, రెండు గదుల ఇంట్లో తన అడుగుల చప్పుడు తనకే వినపడుతుంటే భరించలేక ఆమె ఈ పెద్దవాళ్ళ చదువుకి పేరిచ్చింది. ఆ నిజం ఎవరికీ చెప్పలేదు. సేవ అనుకోనిచ్చింది. వచ్చిన మొదటి వారంలోనే, ప్రభుత్వం వారిచ్చిన వాచకంలో ఉన్న బొమ్మలు చూసి కన్నయ్య అన్నాడు: “ఆవు బొమ్మ సూపించి ఆవు అని సెప్తన్నారేటి టీచరమ్మా? అరవై ఏళ్ళొచ్చేయి, ఆవుని ఎరగనా నాను?” కన్నయ్య ఒకప్పుడు లారీ క్లీనరు. ఇప్పుడు మేకలు కాస్తాడు. ఆమె వాచకం మూసేసింది. “మరి మీరు ఎరగనిదేమిటి బాబాయ్?” అంది. “బస్సు,” అన్నాడు వెంటనే. “అడిగితేగాని ఏ బస్సు ఎప్పుడో తెలీదు. అడిగితే కసురుతారు.”

అలా మొదలైంది. రాయగడ బస్టాండు బోర్డుని ఫోనులో ఫొటో తీసుకొచ్చి, గోడ మీద సుద్దతో అలాగే గీసింది. ఊరు ఒక వరసలో, బయల్దేరే టైము ఒక వరసలో. ఊరి పేరు మీద వేలు పెట్టి అడ్డంగా జరపడం నేర్పింది. పన్నెండు దాటిన అంకె కనపడితే పన్నెండు తీసెయ్యమంది. అంకెలు మాత్రం రెండు రకాలు నేర్పాల్సి వచ్చింది, ఫోనులో ఒకలా, బోర్డు మీద ఒడియాలో ఒకలా.

కన్నయ్య తొందరపడ్డాడు. రెండోరకం సగం నేర్చుకుని ఒక్కడే రాయగడ పోయాడు. తిరుగు బస్సు పద్దెనిమిదీ పావుకి, అంటే ఆరుంబావుకని బోర్డు చదువుకుని, తాపీగా టీ తాగి, చుట్టాలింటికి పోయి వచ్చేసరికి బస్సు వెళ్ళి నాలుగు గంటలైంది. ఒడియా నాలుగు ఫోనులో ఎనిమిదిలాగే ఉంటుంది, పైన మూతపడదు, అంతే.

“నోరు తెరిసింది నాలుగు, నోరు మూసింది ఎనిమిది,” అని కోటేశ్వరమ్మ ఆ తర్వాత నెలంతా ఆయన్ని ఏడిపించింది. “నీ నోరు సూసుకున్నా తెలిసేది కదా కన్నయ్యా, ఎప్పుడూ నాలుగే.”

బోర్డు మీద ఉన్నది రాయగడలో బయల్దేరే టైము. మెట్టపేటలో ఎప్పుడాగుతుందో దాని మీద ఉండదు. అందుకని రెండు వారాలు వంతులేసుకుని దారి పక్కన కూర్చుని రాశారు. 10.50. 10.55. 10.45. ఒకరోజు 11.20, పక్కన కన్నయ్య చేతిరాతతో ‘టైరు’. రాయగడ టైముకి గంటా ఇరవై కలుపుకోవాలని వాళ్ళే కనిపెట్టారు. ఆమె చెప్పలేదు. చెప్పకుండా పళ్ళు బిగించి ఊరుకోవడం ఆమెకి పెద్ద పని అయింది.

పటానికి కూడా అంతే. ముందు పేటని నడిచారు. నలభై అడుగులకి ఒక అగ్గిపుల్ల. షెడ్డు నుంచి బోరింగు దాకా మూడు పుల్లలు. బోరింగు నుంచి చర్చి దాకా ఐదు. నేల మీద పుల్లలు పేర్చుకుంటూ పోతే పేట మొత్తం చాపంత జాగాలో కూర్చుంది. “ఇంత అడుగులకి ఇంత పుల్ల అని మాట అనుకున్నాం. ఆ మాటే స్కేలు,” అని చెప్పింది. మెలికల దారి మీద దారం పరిచి, తర్వాత ఆ దారాన్ని సాపు చేసి కొలవాలని చూపించింది. నోటీసు పటం తెచ్చినప్పుడు ఆఫీసు వాళ్ళు మెలికలు వదిలేసి తిన్నగా గీత గీశారని వెంటనే పట్టుకున్నది కూడా వీళ్ళే. దారంతో కొలిస్తే రెండు పాయింటు ఒకటి కాదు, రెండు పాయింటు నాలుగు.

అయినా మూడు లోపే. ఆ అంకె చూడగానే క్యాథరిన్‌లో ఏదో చప్పబడిపోయింది. పటం మాట్లాడింది, ఇంక మనం ఊరుకోవాలి అనుకుంది. అప్పుడే కోటేశ్వరమ్మ పలక ఎత్తి 3.4 చూపించింది. అప్పుడే ఆమె తుడిచెయ్యమంది.

ఆ సాయంత్రం ఇంటికొచ్చి పుస్తకం తెరిస్తే పేజీల మధ్య దారం ముక్క. రెండు కొసలా రెండు ముళ్ళు. కోటేశ్వరమ్మ తీరు అది. తన కొలత జారిపోకుండా ముడేస్తుంది. పాపం ఎక్కడ పొరపాటు పడిందో చూసి, రేపెప్పుడైనా నెమ్మదిగా చెబుదామనుకుంది క్యాథరిన్. ఆ ‘పాపం’ అన్న మాట మనసులో ఎంత మెత్తగా కూర్చుందో ఆమె గమనించింది. గమనించి కూడా కదపలేదు.

దారాన్ని పటంలోని దారి మీద పరిచింది. సరిపోయింది. పటం కింద నలుపూ తెలుపూ గళ్ళ పట్టీ ఉంది, సున్నా నుంచి ఐదు కిలోమీటర్ల దాకా. దాని మీద పెట్టింది. రెండో ముడి మూడో గడి దాటి, నాలుగో గడిలో సగానికి కాస్త ముందు ఆగింది.

మళ్ళీ పెట్టింది. మళ్ళీ అక్కడే.

స్కేలు తీసి పట్టీనే కొలిచింది. సెంటీమీటరుకి కిలోమీటరైతే ఐదు కిలోమీటర్ల పట్టీ ఐదు సెంటీమీటర్లుండాలి. మూడున్నర ఉంది.

అప్పుడు తెలిసింది. ఎవరో పెద్ద కాగితం మీద ఉన్న బ్లాకు పటాన్ని చిన్న కాగితం మీద పట్టేలా జిరాక్సు తీశారు. దారి కుదించుకుపోయింది. వాగు కుదించుకుపోయింది. పట్టీ వాటితో పాటే కుదించుకుపోయింది, కాబట్టి అది ఇంకా నిజమే చెబుతోంది. ‘ఒక సెంటీమీటరుకి ఒక కిలోమీటరు’ అన్న అక్షరాలు కూడా చిన్నవయ్యాయి గాని, వాటి అర్థం చిన్నది కాలేదు. ఆ మాట ఈ కాగితం మీద అబద్ధం. ఆ అబద్ధం మీద స్కేలు పెట్టి ఆఫీసు కొలిచింది. ఆ అబద్ధం మీదే స్కేలు పెట్టి తనూ కొలిచింది.

ముందు వచ్చింది సిగ్గు. కోపం ఆమెకి ఎప్పుడూ ఆలస్యంగానే వచ్చేది, గుడారి బస్సులాగే. కొరాపుట్ ఆసుపత్రిలో నర్సుగా చేసిన తల్లి అనేది: “నీకు దెబ్బ తగిలిన గంటకి ఏడుస్తావు.” ఆ గంట గడిచాక కోపం మెడ వెనక నుంచి మొదలై చెవులు కాలేలా ఎక్కింది. ఒక బడిని మూసే కాగితాన్ని ఒక్కడు, ఒక్కడంటే ఒక్కడు, ఆ పట్టీ మీద పెట్టి చూడలేదు. ఎందుకు చూస్తాడు? చూసేవాళ్ళు అక్కడ ఎవరున్నారని? మెట్టపేట వాళ్ళు చదవలేరన్నది వాళ్ళకి ఒక సౌకర్యం.

ఆ కోపాన్ని ఇంకొంచెం తవ్వితే కింద ఏముందో కూడా ఆమెకి కనిపించింది. మూడు నెలలు నేర్పి, వాళ్ళు చదివిననాడు తుడిచెయ్యమన్నది తను. చదివినవాళ్ళ తప్పు చదవనివాళ్ళ నిజం కంటే గట్టిదని తన నరాల్లో ఎక్కడో రాసుంది. ఆఫీసు వాడిని తిట్టినంత తేలిగ్గా దాన్ని తిట్టలేకపోయింది.

మర్నాడు పాఠం లేని రోజు. అయినా తొమ్మిదిన్నర బస్సు పట్టుకుంది.

కోటేశ్వరమ్మ గుమ్మంలో ఆకులు కుడుతోంది. కన్నయ్య మేకల్ని వదిలి వచ్చి అరుగు మీద బీడీ వెలిగించుకుంటున్నాడు.

“పిన్నీ, నిన్న నేను తప్పు చెప్పాను. నీదే రైటు. మూడు పాయింటు నాలుగు.”

కోటేశ్వరమ్మ పుల్ల గుచ్చడం ఆపలేదు. “మరి తుడిసీసేను కదా.”

“అందుకే వచ్చాను.”

“టీచరమ్మ తప్పు సేస్తే ఏటి సెయ్యాల?” అన్నాడు కన్నయ్య సంబరంగా. “గోడకుర్సీ ఎయ్యించాల.”

“నువ్వూరుకో, నాలుగోడా,” అంది కోటేశ్వరమ్మ. అప్పటికి గాని తలెత్తలేదు. “ఎలాగ తప్పయింది? సెప్పు. నాకు తెలియాల. రేపు అక్కడ ఆల్లడిగితే నా దారం సెప్పింది అంటే నవ్వుతారు.”

ఎలా చెప్పాలో బస్సులో ఆలోచించుకుంటూ వచ్చింది క్యాథరిన్. కోటేశ్వరమ్మ ఆధార్ కార్డు అడిగి తీసుకుంది. దాని జిరాక్సు ఒకటి ఆ ఇంట్లోనే ఉంది, ఎప్పుడో ఎవడో చిన్నదిగా తీసి ఇచ్చినది. రెండూ పక్కపక్కన పెట్టింది.

“మొహం ఏమైంది?”

“సిన్నదైపోనాది.”

“బొట్టు?”

“అదీ సిన్నదే.”

“పుట్టిన సంవత్సరం?”

కోటేశ్వరమ్మ వేలు పెట్టి చదివింది, ఒక్కో అంకే. రెండిట్లోనూ అదే. వేలు అక్కడే ఉంచి కాసేపు చూసింది.

“రాసింది తగ్గదు,” అంది. “గీసింది తగ్గుద్ది.”

“మరి పటం కింద పట్టీ?”

“అది గీసింది. దారితోపాటే తగ్గుద్ది. స్కేలు మాట రాసింది. అది తగ్గనేదు. అందుకే...” అని ఆగిపోయింది. మొహంలో ముందు నవ్వు వచ్చింది. తర్వాత నవ్వు పోయింది. “అంటే మా దారిని జిరాక్సులో ఎట్టి కుదించీసేరా? మా అమ్మి నడిసిన దారిని?”

“జిరాక్సులో నా వయసు తగ్గితే బాగుణ్ణు,” అన్నాడు కన్నయ్య. ఎవరూ నవ్వలేదు. ఆయన బీడీ ఆర్పేశాడు.

శుక్రవారం పది యాభై బస్సు పదకొండుకి వచ్చింది. ముగ్గురే వెళ్ళారు. కోటేశ్వరమ్మ చేతిసంచీలో దారం, ప్లాస్టిక్ స్కేలు, పటం. కన్నయ్య దగ్గర బస్సుల నోటుబుక్కు.

బ్లాకు ఆఫీసులో గుమస్తా సోమేశ్వరరావు. తెలుగువాడే. క్యాథరిన్‌ని చూసి కుర్చీ చూపించాడు. మిగతా ఇద్దరికీ గోడ చూపించాడు.

“మీరు చెప్పండి మేడమ్. సార్‌కి నేను ఒడియాలో చెప్తాను. పాపం వీళ్ళనెందుకు తీసుకొచ్చారు ఇంత దూరం?”

మళ్ళీ అదే మాట. పాపం. క్యాథరిన్‌కి ఆ మాట తన నోట్లోంచి ఊడిపడినట్టే అనిపించింది. కుర్చీలో కూర్చోలేదు. “నేను చెప్పడానికి రాలేదు. వాళ్ళు చెప్తారు,” అంది.

అధికారి ముప్ఫై ఐదేళ్ళ మనిషి, చెడ్డవాడిలా లేడు. ఫైలు ముందు పెట్టుకుని వాచీ చూసుకున్నాడు. కోటేశ్వరమ్మ బల్ల దగ్గరికొచ్చి పటం పరిచింది. దారం తడిచేసి దారి మెలికల మీద అతికించింది. ఆవిడ నోటితో తడిచేసినందుకు సోమేశ్వరరావు మొహం చిట్లించాడు. ఆవిడ సాపు చేసి గళ్ళ పట్టీ మీద పెట్టింది.

“మూడు. దాని మీద ఇంత.”

“స్కేలుతో కొలవాలమ్మా,” అన్నాడు సోమేశ్వరరావు ఓపిగ్గా, చిన్నపిల్లకి చెప్పినట్టు. “ఒక సెంటీమీటరుకి ఒక కిలోమీటరు. ఇక్కడ రాసుంది. నువ్వు చదవలేవు గాని.”

“సదివేను బాబూ. రాసింది తప్పు.”

“సర్కారు పటంలో రాసింది తప్పా?”

“సర్కారు పటంలో రైటే. నీ జిరాక్సులో తప్పు.” ఆవిడ స్కేలు తీసి ఆయన చేతిలో పెట్టింది. “ఈ పట్టీ మీద ఐదు అని ఉంది. నువ్వే కొలు. ఐదుండాల కదా?”

ఆయన కొలిచాడు. అధికారి చెయ్యి చాచి స్కేలు తీసుకుని తనే కొలిచాడు. మూడున్నర. ఆయన ఒడియాలో ఏదో అడిగాడు. సోమేశ్వరరావు లేచి బీరువాలోంచి పెద్ద పటం తెచ్చాడు. దాని మీద పట్టీ నిండుగా ఐదు సెంటీమీటర్లుంది. దాని మీద మెట్టపేట నుంచి బడసాహికి దారం పరిస్తే, పట్టీ మీద పెట్టినా స్కేలు మీద పెట్టినా మూడు పాయింటు నాలుగే వచ్చింది.

“ఎలాగూ బస్సు ఉంది కదా,” అన్నాడు సోమేశ్వరరావు.

కన్నయ్య ఆ మాట కోసమే కాచుకునున్నట్టు నోటుబుక్కు తెరిచాడు. “ఉంది బాబూ. రాయగడలో తొమ్మిదిన్నర. మా దగ్గర పది యాభై. బడి పదికి. పిల్లలు యాభై నిమిషాలు లేటుగా ఎల్తే మీరు ఊరుకుంటారా? సాయంత్రం గుడారి బస్సు బడసాహిలో మూడూ ఇరవైకి. బడి నాలుక్కి ఇడుస్తారు. బస్సు కోసం నలభై నిమిషాలు ముందే వచ్చీయాల. పద్నాలుగు రోజులు రాసేం. సూడండి, ఇక్కడ టైరు పేలింది కూడా రాసేను.”

అధికారి నోటుబుక్కు పేజీలు తిప్పాడు. తిప్పుతూ తిప్పుతూ నెమ్మదించాడు. చివరికి ఇంజినీరుని పంపి దారి నడిపించి కొలిపిస్తామని, అందాకా తరగతులు కదలవని అన్నాడు. అది రాసి సంతకాలు తీసుకోమని సోమేశ్వరరావుకి చెప్పి లేచి వెళ్ళాడు. ఎవరు జిరాక్సు తీశారు, ఎవరు కొలిచారు, ఆ నోటీసు మీద ఎవరు సంతకం పెట్టారు అన్నది ఎవరూ అనలేదు. తప్పు గాలిలో పుట్టినట్టూ, గాలిలోనే పోయినట్టూ ఉంది.

సోమేశ్వరరావు అచ్చు ఫారం ఒకటి తీసి ఒడియాలో ఖాళీలు నింపాడు. క్యాథరిన్ చదివింది. కింద అచ్చులోనే ఒక వాక్యం ఉంది. ఆమె చెవులు మళ్ళీ కాలాయి.

“ఏటి రాసేరు టీచరమ్మా?” అంది కోటేశ్వరమ్మ.

చదవనా, వద్దా అని ఒక్క క్షణం ఊగింది. దాచడం కూడా తుడవడమే అనిపించి చదివింది. “అభ్యంతరం చెప్పినవారు నిరక్షరాస్యులు. విషయం వారికి చదివి వినిపించి అర్థమయ్యేలా వివరించడమైనది.”

“అది ఫారంలో ఉన్న మాటండీ,” అన్నాడు సోమేశ్వరరావు. “అందరికీ అదే ఫారం.”

“ఎవరు వివరించారండీ ఎవరికి?” క్యాథరిన్ గొంతు ఆ గది దాటి వరండాలోకి వెళ్ళింది. “మీ పట్టీ మూడున్నరని మీకు వివరించింది ఎవరు? వారం పైనుంచీ ఆ కాగితం మీ బల్ల మీదే ఉంది కదా, చదువుకున్నవాళ్ళు కదా మీరు...” ఇంకా చాలా అంది. ఏం అందో తర్వాత గుర్తు లేదు. అంటున్నంతసేపూ సగం ఆయన్నీ, సగం మొన్న బుధవారం షెడ్డులో నిలబడిన ఒక మనిషినీ అంటున్నానని మాత్రం తెలుస్తోంది.

కన్నయ్య గొంతు సవరించుకున్నాడు. “బాబూ, ఆ కాయితం సదువు రానోల్లకి కదా. సదువొచ్చినోల్లం దాని మీద సంతకం ఎడితే దొంగ సంతకం అయిపోదేటి?”

సోమేశ్వరరావు ఆయన్ని ఎగాదిగా చూశాడు. పెన్ను తీసి ఆ వాక్యాన్ని అడ్డంగా కొట్టేశాడు. కాగితం కోటేశ్వరమ్మ ముందుకు తోశాడు. “ఇప్పుడు పెట్టు. రెండూ నలభైకి మీ బస్సు.”

రెండూ ఇరవై అయింది. క్యాథరిన్ గెలిచిన అలసటతో పెన్ను అందించింది. కోటేశ్వరమ్మ పెన్ను పట్టుకుంది గాని పెట్టలేదు. వేలు కాగితం మీద పెట్టి, ఒడియా అక్షరాల మీదుగా, అవి పెద్దగా రాకపోయినా, అంకెలు వెతుక్కుంటూ అడ్డంగా జరిపింది. బస్టాండు బోర్డు మీద ఊరి పేరు నుంచి టైముకి జరిపినట్టే. ఒకచోట వేలు ఆగింది.

“బాబూ, ఇది రెండు.”

“ఏది?”

“ఇది. మూడుకి ఇంకో మెలిక ఉంటాది. దీనికి నేదు. ఇది రెండు పాయింటు నాలుగు అని రాసేవు.”

క్యాథరిన్ వంగి చూసింది. ୨.୪. ఇందాక చదివినప్పుడు ఆమె కళ్ళు దాని మీదుగానే వెళ్ళాయి. కోపం వాక్యం మీద ఉంది. అంకె అంకెగానే జారిపోయింది. అలవాటులో పడ్డ పొరపాటో, కాదో, ఆయన మొహంలో ఏమీ తెలియలేదు. ఇంజినీరు రాకపోతే ఫైల్లో మిగిలేది ఆ అంకే.

“పొరపాటు,” అన్నాడు. రెండుని మూడు చెయ్యబోయాడు.

“దిద్దకు,” అంది కోటేశ్వరమ్మ. “కొట్టీసి పక్కన రాయి. దిద్దితే రేపు ఇంకోడు ఇంకోలా సదువుతాడు. పక్కన నీ సంతకం కూడా ఎట్టు.”

ఆయన కొట్టేసి పక్కన ୩.୪ అని రాశాడు. ఆవిడ నాలుగు నోరు తెరిచే ఉందా అని కూడా చూసుకుంది. అప్పుడు కూర్చుంది, గోడ పక్కన కాదు, క్యాథరిన్ వదిలేసిన ఆ కుర్చీలో. కూర్చుని తన పేరు రాసింది. ఐదక్షరాలకి చాలాసేపు పట్టింది. ఎవరూ తొందరపెట్టలేదు.

ఆఫీసు ఎదురుగానే జిరాక్సు కొట్టు. కన్నయ్య రోడ్డు మీద నిలబడి చెయ్యి అడ్డం పెట్టుకుని గుడారి వైపు చూస్తున్నాడు. “వస్తాంది, బస్సు వస్తాంది, నోరు తెరుసుకుని నిలబడకండి!”

“నువ్వు నోరు మూసుకుని దాన్ని ఆపు,” అంది కోటేశ్వరమ్మ.

కొట్టువాడు కాగితాన్ని అద్దం మీద పెట్టి మూత వెయ్యబోతుంటే ఆవిడ ఆ మూత పట్టుకుంది. క్యాథరిన్ వైపు చూడలేదు. ఆమెని అడగాలనుకోలేదు కూడా.

“ఎంతుందో అంతే తియ్యి,” అంది. “సిన్నది సెయ్యకు.”